ముందే టైపు చేసిపెట్టుకున్న శుభోదయాలు

అతని నుంచి నాకు వచ్చిన మొదటి గుడ్ మార్నింగ్ వాళ్ళమ్మ చక్కెర పరీక్ష గురించి.

నేను ఆదోనిలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఉండేది ఎమ్మిగనూరులో. రోజూ బస్సులో పోయి వస్తాను. అతనిది ఆదోనే. పత్తి యార్డులో ఒక కమిషన్ అంగడిలో గుమస్తా. వాళ్ళమ్మను పరీక్షకు తీసుకొచ్చినప్పుడు, రిపోర్టు ఫోనుకు పంపుతామని నంబరు రాసుకున్నాను. మరుసటి రోజు ఆరు గంటలకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వచ్చింది. "గుడ్ మార్నింగ్ మేడం. అమ్మకు మళ్ళీ రక్తం తీయాలంటిరి కదా, టీ తాగకముందు రావల్లనా, తాగినాక రావల్లనా?"

తాగకముందే అని రాశాను. మంచినీళ్ళు తాగొచ్చని కూడా రాశాను. "సరే మేడం. మీరు తాగినారా?" అని వచ్చింది. దానికి సాయంత్రం దాకా జవాబివ్వలేదు. ఆ ప్రశ్నలో ఏముందో నాకు తెలియక కాదు. నాకప్పటికి ముప్పై ఒకటి. ఇంట్లో చూసిన రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది చూద్దామని అమ్మ అన్నప్పుడల్లా ఇంట్లోంచి బయటికి నడిచేదాన్ని. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే, ఆ ధైర్యంతో "తాగినా" అని పంపాను.

మొదటి నెల ఎంత బాగుండిందో దాచుకోను. పత్తి సీజను. అతను తెల్లవారకముందే యార్డుకు పోయేవాడు. రైతులు రాత్రే బండ్లేసుకొచ్చి దించిన కుప్పల మీద మొదటి ఎండ పడ్డప్పుడు ఫొటో తీసి పంపేవాడు. కింద ఒక మాట ఉండేది. "ఈపొద్దు తేమ ఎక్కువుంది, ధర పలకదు. చిప్పగిరి నుంచి వచ్చిన ముసలాయన నా మీదే కోప్పడతాండాడు." నేను బస్సు సంగతులు రాసేదాన్ని. ఎవరికి రక్తం తీస్తే కళ్ళు తిరిగాయో, ఏ పోలీసాయన సూది చూసి కళ్ళు మూసుకున్నాడో రాసేదాన్ని. మేడం పోయి నువ్వు అయింది. అతనికి వచ్చే నవ్వు నాకు చదువుతుంటేనే వినిపించేది. రోజంతా రక్తం సీసాల మీద పేర్లు అంటించే పనిలో, నా గురించి పొద్దున్నే ఒక మనిషి తలచుకున్నాడన్నది పెద్ద విషయం. అది చిన్న విషయమని ఎవరైనా అంటే వాళ్ళకు ఎప్పుడూ అవసరం పడలేదని అనుకుంటాను.

తర్వాత దానికి వేళ ఏర్పడింది. ఎవరు పెట్టారో చెప్పలేను. ఆరు గంటలకు గుడ్ మార్నింగ్, తొమ్మిదిన్నరకు గుడ్ నైట్. ఒకరోజు నేను ఏడుంపావుకు పంపాను. అప్పటికే అతని నుంచి మూడు వచ్చి ఉన్నాయి. మొదటిది గుడ్ మార్నింగ్. రెండోది "లేసినావా". మూడోది రెండు ప్రశ్నార్థకాలు, ఇంకేమీ లేదు. ఆ రెండు గుర్తులు చూస్తే బడిలో ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడినట్టు అయింది. సారీ అని రాశాను. రాసినందుకు నామీద నాకే కోపం వచ్చింది. నేను చేసిన తప్పేమిటో నాకే తెలియదు మరి.

గుడ్ నైట్ అంతకంటే చిక్కు. అది చెప్పాక ఆ రోజుకు తలుపు గడియ పెట్టినట్టు. ఆ తర్వాత నేను ఆన్‌లైన్‌లో కనిపిస్తే పొద్దున వచ్చే గుడ్ మార్నింగ్ పొడిగా ఉండేది. ల్యాబు డాక్టరు పది గంటలకు ఏదో రిపోర్టు అడుగుతాడు, పంపాలి. "గుడ్ నైట్ చెప్పినాక కూడా ఉన్నట్టుండావే" అంటాడు అతను. అందులో అనుమానం లేదని, ఊరికే అడిగాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒళ్ళు మండేది. డాక్టరుకు రిపోర్టు పంపినానని వివరం రాసేదాన్ని. వివరం ఇవ్వడం అలవాటైతే అడగకముందే ఇస్తాం. కొన్నాళ్ళకు నా గుడ్ నైట్ ఇలా తయారైంది: "గుడ్ నైట్. ఇంకా రెండు రిపోర్టులు పంపాల, అందుకే ఆన్‌లైన్‌లో ఉంటా." పలకరింపా అది, సెలవు చీటీనా?

అసలు గొడవ మా ఇంటి పని దగ్గర వచ్చింది. మాది నేత ఇల్లు. నాయనది గుంత మగ్గం. పదిహేను రోజులకోసారి పడుగు వీధిలో పరుస్తాం. నేతకు పోయే నిలువు దారాలన్నీ వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద బ్రష్షుతో దువ్వాలి. ఎండెక్కితే గంజి మధ్యలోనే ఎండి దారాలు అంటుకుంటాయి. అందుకని చీకటి ఉండగానే మొదలుపెట్టి ఏడు లోపల ముగించాలి. ఇరుగుపొరుగు ఇళ్ళవాళ్ళు చేతులు వేస్తారు, వాళ్ళ పడుగుకు మనం వేస్తాం. మధ్యలో వదిలి పక్కకు పోవడం అన్నది ఉండదు. మోచేతుల దాకా గంజి. ఆ రోజు ఆరు గంటలకు నేను ఫోను ముట్టుకోలేను.

ఈ ఒక్క ముక్క అతనికి చెప్పి ఉంటే ఈ కథే లేదు. చెప్పలేదు. ఎందుకంటే మొదట్లోనే ఒకసారి, మీ నాయన ఏం చేస్తాడంటే, "మగ్గముంది, ఏదో పొద్దుపోక నేస్తాడు" అని నోరు జారాను. తెల్లకోటు వేసుకుని సూది పట్టుకునే మనిషిని, వీధిలో గంజి చేతులతో ఉంటానని చెప్పుకోవడానికి నామోషీ. నాయన నేసిన చీరల మీద చదువుకున్న నాకు నామోషీ. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ అప్పుడున్నది అదే.

కాబట్టి ఉపాయం కనిపెట్టాను. రాత్రి గుడ్ నైట్ చెప్పాక, పొద్దున పంపాల్సింది అప్పుడే టైపు చేసి పంపకుండా మెసేజి రాసే పెట్టెలోనే వదిలేసేదాన్ని. పొద్దున పడుగు దగ్గర ఫోను గట్టు మీద పెట్టుకుని, ఆరు కాగానే గంజి అంటని వేలి కణుపుతో బాణం గుర్తును ఒక్కసారి నొక్కితే చాలు. మొదటిసారి దొరికిపోబోయాను. "గుడ్ నైట్ చెప్పినాక ఏమో టైపు చేస్తాంటివి, పంపల్యా. ఏమది?" అని అడిగాడు. నా టైపింగు అతనికి కనిపించిందన్నమాట. ఆ తర్వాత నెట్టు ఆపేసి టైపు చేసేదాన్ని.

మొదట పడుగు రోజులకే అనుకున్నాను. సులువు మరిగాక అన్ని రోజులకూ అయింది. మా అమ్మ రోజూ వంటయ్యాక మరుసటి రోజు నేతకు కావలసిన దారం చిన్న చిన్న కండెలుగా చుట్టి బుట్టలో పెడుతుంది. పొద్దున నాయన కూర్చుంటే పని ఆగదు. నేనూ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని వారానికి సరిపడా ఏడు శుభోదయాలు రాసి ఫోన్లో దాచుకునేదాన్ని. రోజుకొకటి తీసి పెట్టెలో వేసుకోవడం. చలిగా ఉందని ఒకటి, కల్లోకి వచ్చినావని ఒకటి, టీ తాగినావా అని ఒకటి. కండెలు చుట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ముందే చేసిపెట్టుకున్నది మంచిదే అనుకునే బుద్ధి నాది. దారం నిన్న చుట్టినా ఈరోజు చుట్టినా ఒకటే. మాట అట్లా కాదని తట్టలేదు. వాన కురిసిన పొద్దున "ఎండ బాగా కాస్తాంది" అని పోయింది ఒకసారి. "మీ ఎమ్మిగనూరులో ఎండనా? ఈడ కుండపోత" అన్నాడు. నవ్వేసి తప్పించుకున్నాను.

అతనికి మాత్రం ఆ నెలల్లో ఎంత సంతోషమో. ఆరు దాటకుండా వస్తున్నాయి. "నువ్వు మారినావప్పా" అని మెచ్చుకున్నాడు. నేను మారిన రోజే అతనితో మాట్లాడడం మానేశానని అతనికేం తెలుసు.

ఒక పడుగు రోజున, ఇంకా చీకటి ఉండగానే, నాయన బ్రష్షు పట్టుకుని దువ్వుతూ ఉన్నట్టుండి ఆగాడు. కుడిచేయి కిందికి వాలింది, బ్రష్షు దారాల మీద పడింది. ఎవరో "ఏమప్పా, నిద్రొస్తాందా" అని ఎగతాళి చేశారు. నాయన ఏదో చెప్పబోయాడు. నోరు ఒక పక్కకు పోయింది. అది చూడగానే నాకు అర్థమైంది, నా పని అటువంటిది. "పక్షవాతం, 108కు చేయండి" అని నేనే చెప్పాను. పడుగు అట్లాగే వీధిలో వదిలేసి బయలుదేరాం. నాకు తెలిసి మా వీధిలో పడుగును మధ్యలో వదలడం అదే మొదటిసారి.

ఎమ్మిగనూరు ఆసుపత్రిలో చూసి కర్నూలుకు పొమ్మన్నారు. కోడుమూరు దాటుతుండగా, ఆరు కావస్తుంటే, మామయ్యకు చెప్పాలని ఫోను తీశాను. చేతులు ఎండిన గంజితో పెళుసుగా ఉన్నాయి. ఫోను తెరిస్తే అతని పేజీ వచ్చింది. పెట్టెలో రాత్రి వేసుకున్నది సిద్ధంగా ఉంది. "శుభోదయం. పొద్దున్నే మనసు చానా బాగుంది. నువ్వు టీ తాగినావా?" ఎదురుగా నాయన. నాయన చేయి ఒళ్ళో పెట్టుకుని అమ్మ. నేను బాణం నొక్కాను.

పొరపాటున నొక్కానని చాలాకాలం చెప్పుకున్నాను. పొరపాటు కాదు. పంపకపోతే రెండు ప్రశ్నార్థకాలు వస్తాయి. వాటికి జవాబు చెప్పే ఓపిక లేదు. ఆ ఒక్క వాక్యం పడేస్తే రాత్రి దాకా నన్నెవరూ అడగరు. అంతే నేను ఆలోచించింది. ఒక నిమిషంలో పువ్వు బొమ్మ వచ్చింది. "తాగినా. నీ మనసు బాగుంటే నాకు బాగుంటాది."

మరుసటి రోజూ పంపాను. ఆ మరుసటి రోజూ. వారానికి సరిపడా ఉన్నాయి కదా. ఆసుపత్రి వరండాలో గోడకానుకుని, నాయనకు ముక్కులోంచి గొట్టం వేస్తుండగా, చలిగాలి బాగుందని పంపాను. ల్యాబుకు ఎందుకు పోలేదో అతను అడగలేదు. అడగడానికి ఏముంది, నేను బాగున్నానని రోజూ ఆరు గంటలకు నేనే చెప్తున్నాను.

నాలుగో రోజు అతను వార్డు బయట నిలబడి ఉన్నాడు. వాళ్ళమ్మను మళ్ళీ పరీక్షకు తీసుకుపోతే ల్యాబులో చెప్పారట. చేతిలో కొబ్బరిబోండాలు. మొదట నాయన దగ్గరికి పోయాడు. కాళ్ళ దగ్గర నిలబడి దండం పెట్టాడు. అమ్మకు బోండాలిచ్చాడు. అమ్మ ఎవరని అడిగితే, "ఆదోని నుంచి వచ్చినానమ్మా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. తర్వాత నన్ను మెట్ల దగ్గరికి రమ్మన్నాడు.

అరుస్తాడనుకున్నాను. అరిస్తే తిరిగి అరవడానికి నా దగ్గర చాలా ఉండింది.

"మూడు దినాలు నేను నవ్వుతా పని చేసుకున్న్యా" అన్నాడు. "మనసు బాగుందంటివి. నేను నమ్మితి."

"చెప్తే ఏం చేస్తావు నువ్వు?" అన్నాను.

"ఏమీ చేయలేకపోదును. వచ్చి ఈడ కూచుందును."

నేను అప్పుడు అన్నీ చెప్పేశాను. నామోషీ, పడుగు, గంజి, నెట్టు ఆపి టైపు చేయడం, ఆదివారం రాసిపెట్టుకున్న ఏడు. చెప్పే తీరులో క్షమాపణ లేదు, దెప్పడమే ఉంది. "ఆరు గంటలకు హాజరు వేయించుకుంటివి నువ్వు. హాజరే పంపితి" అన్నాను. ఆ మాట అనగానే అతని ముఖం మాడిపోయింది. నాకు బాధగానూ ఉంది, హమ్మయ్య అనీ ఉంది.

బోండాల సంచి మడతపెట్టాడు. తర్వాత చెప్పాడు. మూడేళ్ళ కింద అతనికి నిశ్చితార్థం అయింది. ఆ అమ్మాయి రోజూ పొద్దున పలకరించేది. ఒకరోజు పలకరింపు రాలేదు. పని ఉంటుందిలే అనుకున్నాడు. రెండో రోజూ రాలేదు. బలవంతం చేసినట్టు ఉంటుందని అడగలేదు. అయిదో రోజు ఆమె తరఫు పెద్దమనిషి వచ్చి ఉంగరం ఇచ్చిపోయాడు. "అప్పట్నుంచి పొద్దున ఫోను సూస్తే భయం నాకు. నీకు చెప్పుకోవల్లంటే నామోషీ" అన్నాడు.

నాలుగు నెలలు రోజుకు రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఈ రెండు నామోషీలు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

"ఇంక పొద్దున పంపొద్దు. రాత్రీ వద్దు" అన్నాడు. "నేనూ పంపను." మెట్లు దిగి పోయాడు. తెంపేసుకున్నామా లేదా అన్నది చెప్పలేదు. నేను అడగలేదు.

మొదటి రెండు రోజులు హాయిగా ఉండిందని చెప్తే కఠినంగా వినిపిస్తుంది, కానీ ఉండింది. ఆరు గంటలు వచ్చిపోయినా పట్టించుకోలేదు. తర్వాత నాయనను ఇంటికి తెచ్చాం. మగ్గం గుంత మీద పలకలేసి నాయనకు చాప పరిచారు. అమ్మ సాయంత్రం అలవాటుగా కండెల బుట్ట ముందుకు లాక్కుని, మళ్ళీ వెనక్కి పెట్టింది. ఆ రోజు నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి ఒక్క మనిషే తోచాడు.

పాత మెసేజీలన్నీ మొదటి నుంచి చదివాను. నావి రెండో నెల నుంచీ ఏమీ లేవు. ఏ అమ్మాయైనా ఏ అబ్బాయికైనా పంపగలిగినవి. అతనివి కొన్ని మాత్రం ఆ రోజు తప్ప ఇంకోరోజు రాయలేనివి. "ఈపొద్దు ఒక రైతు పత్తి అమ్మకుండానే మళ్ళీ బండికెత్తుకుపోయినాడు. నేనేమీ అనలేకపోతి." దానికి నా జవాబు చూసి కళ్ళు మూసుకున్నాను. గులాబీ పువ్వు పంపి ఉన్నాను. పలకరింపు బరువైందని అతన్ని అంటిని. అతను నిజంగా పలకరించిన రోజు నేను పువ్వుతో తప్పించుకున్నాను.

అతను ఆసుపత్రి మెట్లు దిగిపోయిన పన్నెండో రోజు, మధ్యాహ్నం రెండు దాటాక, ఏ వేళా కాని వేళ రాశాను. శుభోదయం లేదు, ఏమీ లేదు. "నాయన కుడిచేతి బొటనవేలు ఈపొద్దు కదిలింది. మళ్ళీ మగ్గంలో కూచుంటాడో లేదో డాక్టరు చెప్పడం లేదు. నేసేది పొద్దుపోక కాదు, అదే మా అన్నం. నీకు అబద్ధం చెప్పినా. నాకు భయంగా ఉంది." చదువుకోకుండా పంపాను.

రెండు గీతలు పడ్డాయి, నీలం కాలేదు. యార్డులో వేలం జరిగే వేళ, చూడడని తెలుసు. అయినా చూశాను. నాయనకు జావ తాగిస్తూ చూశాను. నాలుగుకు చూశాను, అయిదుకు చూశాను. ఆరున్నరకు నీలమయ్యాయి. పైన అతను టైపు చేస్తున్నట్టు కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది. మళ్ళీ ఆగిపోయింది. ఇంకేమీ రాలేదు.

ఆ రాత్రి నేను తినలేదు. పొద్దున ఆరుకు ముందే మెలకువ వచ్చి ఫోను తీశాను. ఏమీ లేదు. ఇంత వయసొచ్చి, పక్షవాతం వచ్చిన తండ్రిని పక్కన పెట్టుకుని, ఒక్క మాట రాలేదని చెంపలు తడుపుకున్నాను. అడగాలనుకున్నాను. రెండు ప్రశ్నార్థకాలు టైపు చేశాను కూడా. చెరిపేశాను.

పది గంటలకు వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు. అతనే, ల్యాబులో ఇంటి గుర్తులు అడిగి వచ్చాడట. అమ్మ ఈసారి ఎవరని అడగలేదు, లోపలికి రమ్మంది. నాయన పక్కన చాప మీద కూర్చుని, ఆ కుడిచేయి తన చేతిలోకి తీసుకుని, డాక్టరు ఒక్కొక్క వేలూ చాచి మడవమన్నాడని నేను చూపిస్తే అట్లాగే చేశాడు. నాయన అతని ముఖం చూస్తూ పడుకున్నాడు.

అమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయాక నెమ్మదిగా అన్నాడు. "నిన్న మూడుసార్లు రాసినా. ఏది రాసినా రోజూ పంపే మాదిరే ఉండ్య. అందుకే వస్తి. రాత్రి ఏమనుకుంటివి?"

"నన్ను వదిలేసినావనుకున్నా" అన్నాను.

అతను నాయన చూపుడువేలు చాపి, మడిచి, మళ్ళీ చాపాడు.

"నాకు పొద్దునా పొద్దునా అట్లనే ఉంటాండ్య" అన్నాడు.